సొంత స్కూటర్ తెచ్చుకున్నా దొంగతనమే

జూనియర్ సివిల్ జడ్జి ప్రిలిమ్స్‌కు చదివేవాళ్లను దొంగతనం మీద ఒక ప్రశ్న అడిగి చూడండి. రవి తన స్కూటర్‌ను మెకానిక్‌కు ఇచ్చాడు. బాగుచేసినందుకు 1,200 రూపాయలు ఇవ్వాలి. ఆ డబ్బు ఎగ్గొట్టాలని రాత్రిపూట మారు తాళంచెవితో షెడ్డులోంచి బండి తీసుకుపోయాడు. ఇది ఏ నేరం? నేరమే కాదు, దొంగతనం, ఆస్తి దుర్వినియోగం, దోపిడీ. ఇవీ ఆప్షన్లు.

చాలామంది మొదటిదే గుర్తిస్తారు. తన బండిని తాను తెచ్చుకుంటే తప్పేముంది అనిపిస్తుంది. ప్రశ్న పెట్టినవారు ఆశించేదీ అదే. ఆప్షన్లు చూడకముందే సెక్షన్‌లోని అంశాలు గుర్తుచేసుకుంటే ఈ ఉచ్చులో పడరు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి కావలసినవి ఇవి: అది చరాస్తి కావాలి, మరొకరి స్వాధీనంలో ఉండాలి, వారి అనుమతి లేకుండా, అక్రమంగా తీసుకోవాలనే ఉద్దేశంతో దాన్ని కదిలించాలి. యజమాని ఎవరన్న మాట ఇందులో లేదు. కూలి ముట్టేదాకా బండిని అట్టిపెట్టుకునే హక్కు మెకానిక్‌కు ఉంది, కాబట్టి జవాబు దొంగతనం. బలప్రయోగం గానీ బెదిరింపు గానీ లేదు, అందుకే దోపిడీ కాదు. వస్తువు ముందు మామూలుగా చేతికి వచ్చి, తర్వాత దాన్ని కాజేస్తేనే దుర్వినియోగం.

ఇప్పుడు ఒక్క విషయం మార్చండి. రవి డబ్బు మొత్తం కట్టేశాడు, అయినా మెకానిక్ బండి ఇవ్వలేదు. అప్పుడు అనుమతి లేకుండా తెచ్చుకున్నా అక్రమ ఉద్దేశం లేదు గనుక దొంగతనం కాదు. గొడవపడి లాక్కుంటే దౌర్జన్యం వంటి వేరే నేరాలు రావచ్చు. సెక్షన్ కింద గడియారం ఉదాహరణగా ఈ రెండు సందర్భాలూ ఉన్నాయి. పరీక్షకు పనికొచ్చే చదువు ఆ ఉదాహరణల్లోనే ఉందని నా నమ్మకం. వాటిని వదిలేసి గైడ్లు పట్టుకోవడం చూస్తే బాధేస్తుంది.

‘శాశ్వతంగా’, ‘యజమాని అనుమతి’ అనే మాటలున్న ఆప్షన్ కనిపిస్తే ఆగి చదవండి. తాత్కాలికంగా తీసుకున్నా దొంగతనమేనని 1957లో కె.ఎన్. మెహ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ తీసుకుపోయింది ఏకంగా వైమానిక దళ విమానాన్ని.

ఇదే ప్రశ్న అయిదు మార్కులకు వస్తే నిర్వచనం మొత్తం అప్పజెప్పనక్కర్లేదు. మొదటి వాక్యంలోనే రవి చేసింది దొంగతనమని చెప్పేయండి. తర్వాత ఒక్కో అంశానికీ ప్రశ్నలోని ఒక్కో సంగతిని జతచేయండి. వివాదమంతా స్వాధీనం, అక్రమ ఉద్దేశం అన్న రెండింటి దగ్గరే ఉంది, ఎక్కువ వాక్యాలు అక్కడే ఖర్చుచేయండి. బండి చరాస్తేనని ఒక్క ముక్కలో రాస్తే చాలు.

తేదీ ఇచ్చారేమో కూడా చూసుకోండి. సంఘటన 2024 జులై 1కి ముందు జరిగితే పాత శిక్షాస్మృతి 378, ఆ రోజు నుంచి అయితే 303 రాయాలి.