ఆలస్యానికి క్షమించండి... ఆ జవాబు రాయడమెలా?

అపాయింట్‌మెంట్ ఉదయం పదిన్నరకు. డాక్టర్ గదిలోకి పిలిచింది మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి. పేషెంటు షుగర్ ఉన్న అరవై ఎనిమిదేళ్ల పెద్దావిడ. వెంట వచ్చిన కూతురు కౌంటర్ దగ్గరికి మూడుసార్లు వెళ్లి అడిగితే మూడుసార్లూ ఒకటే మాట: ‘‘వచ్చేస్తారమ్మా, కూర్చోండి.’’ మర్నాడు ఆమె ఆస్పత్రి మెడికల్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది. ఊరేదైనా, కార్డియాలజీ ఓపీ ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి ఇలాంటి ఉత్తరం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. దీనికి జవాబు రాయాల్సిన ఉద్యోగికి రెండు భయాలు. గట్టిగా క్షమాపణ చెబితే రేపు అదే కాగితం వినియోగదారుల కమిషన్ ముందుకు వస్తుందేమోనని ఒకటి. చెప్పకపోతే కోపం పెరిగి కేసు దాకా వెళుతుందేమోనని రెండోది.

మొదటి భయంలో కొంత నిజముంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి.శాంత కేసులో తేల్చింది. ఇంగ్లండ్‌లో 2006 నాటి పరిహార చట్టం క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం ఒప్పుకున్నట్టు కాదని స్పష్టంగా చెబుతుంది. మన దేశంలో అలాంటి ప్రత్యేక రక్షణ లేదు. కాబట్టి ఆస్పత్రి రాసిన ఉత్తరాన్ని ఫిర్యాదుదారు సాక్ష్యంగా చూపించవచ్చు. అయితే అదొక్కటే కేసును తేల్చేయదు. ఒప్పుకోలు కూడా తిరుగులేని రుజువేమీ కాదు, మిగతా ఆధారాలతో కలిపి తూచాల్సిందే. పైగా పదిన్నరకు రమ్మని ఒంటిగంటా యాభైకి చూశారన్నది ఆస్పత్రి కంప్యూటర్‌లోనే ఉంది. దాన్ని ఉత్తరంలో దాచినా ఒరిగేదేమీ లేదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఉత్తరంలో మూడు రకాల మాటలు వస్తాయి. ఏం జరిగిందన్నది ఒకటి. దానివల్ల పేషెంటు పడిన ఇబ్బంది రెండోది. చట్టం దృష్టిలో అది నిర్లక్ష్యమా, సేవాలోపమా, పరిహారం రావాలా అన్నది మూడోది. మొదటి రెండూ ఎంత విప్పి చెబితే అంత మంచిది. మూడోది తేల్చే పని ఆ ఉత్తరానిది కాదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. జరిగింది దాచిపెడతారు, లేదా కంగారులో ‘‘మా సిబ్బంది నిర్లక్ష్యం వల్లే మీ అమ్మగారి ఆరోగ్యం దెబ్బతింది’’ అని రాసేస్తారు. ఆ రెండో వాక్యం రాసిన ఉద్యోగికి అది నిజమో కాదో తెలియదు. తేల్చాల్సింది వైద్యులు. చాలా ఇండెమ్నిటీ పాలసీల్లో బీమా కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోరాదన్న షరతు కూడా ఉంటుంది.

అందుకే కలం పట్టుకునే ముందు వేళలు రాబట్టాలి. మన ఉదాహరణలో రిజిస్ట్రేషన్ బిల్లు మీద 10:10 ఉంది. నర్సు బీపీ, బరువు చూసి ఓపీ షీటులో రాసింది 10:25కి. క్యాథ్‌ల్యాబ్ రిజిస్టర్ ప్రకారం డాక్టర్ 10:40కి ఒక అత్యవసర కేసు కోసం లోపలికి వెళ్లి 1:20కి బయటికి వచ్చారు. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయితో మాట్లాడితే ఇంకో సంగతి బయటపడింది. డాక్టర్ రావడానికి చాలాసేపు పడుతుందని పదకొండింటికే ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ మాట ఓపీలో కూర్చున్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు. అంటే ఆలస్యానికి కారణం ఒకటి, ఆ కూతురి కోపానికి కారణం మరొకటి. గుండెపోటుతో వచ్చిన మనిషిని ముందు చూడటాన్ని ఎవరూ తప్పుపట్టరు. మూడు గంటలు ఏమీ తెలియకుండా కూర్చోవడమే ఆమెను రగిలించింది.

ఇంత తెలిశాక ఉత్తరం ఇలా రాయవచ్చు:

‘‘మీ అమ్మగారికి పదిన్నరకు అపాయింట్‌మెంట్ ఇచ్చి, ఒంటిగంటా యాభై దాకా కూర్చోబెట్టినందుకు మమ్మల్ని క్షమించండి. షుగర్ ఉన్న పెద్దావిడ భోజనం వేళ దాటేదాకా అలా ఎదురుచూడటం ఎంత కష్టమో మీ ఉత్తరం చదివితే అర్థమైంది. ఆ రోజు డాక్టర్‌గారు 10:40కి అత్యవసర చికిత్స కోసం వెళ్లి 1:20కి తిరిగి వచ్చారు. ఆలస్యమవుతుందని పదకొండు గంటలకే మా కౌంటర్‌కు తెలిసింది. ఆ సంగతి మీకు చెప్పలేదు. మీరు మూడుసార్లు అడిగినా సరైన జవాబు రాలేదు. ఇందుకు ప్రత్యేకంగా క్షమాపణ చెబుతున్నాం. ఇకపై డాక్టర్ అత్యవసర కేసుకు వెళితే అరగంటలోపు ఓపీలో అందరికీ చెప్పి, ఆగుతారా, మరో రోజు వస్తారా అని అడగాలని కౌంటర్ సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశాలు ఇచ్చాం. మీరు ఇంకా మాట్లాడాలనుకుంటే నేరుగా నాకే ఫోన్ చేయండి.’’ కింద సంతకం, పేరు, హోదా, నంబరు.

ఇందులో ఏమేం లేవో చూడండి. ‘‘మీకు ఇబ్బంది కలిగి ఉంటే’’ అన్న షరతు లేదు. ఇబ్బంది కలిగిందని ఆమె రాసే ఇచ్చింది కదా, మళ్లీ ‘ఉంటే’ ఏమిటి? డాక్టర్ తీరికలేనితనం క్షమాపణ కన్నా ముందు రాలేదు. ముందు వస్తే అది సాకు అవుతుంది, తర్వాత వస్తే వివరణ అవుతుంది. క్యాథ్‌ల్యాబ్‌లో ఉన్న రోగి ఎవరో, జబ్బేమిటో లేదు. అది ఆ రోగి సొంత విషయం. ‘‘ఇక ఎప్పుడూ ఇలా జరగదు’’ అన్న హామీ కూడా లేదు. వచ్చే వారమే ఇంకో గుండెపోటు కేసు రావచ్చు. అలాగే నిర్లక్ష్యం, లోపం, బాధ్యత అన్న మాటలు ఒక్కటీ లేవు. అయినా జరిగిందేదీ దాచలేదు. పదకొండింటి ఫోన్ సంగతి రాయడం కొంత సాహసమే. కమిషన్ దాన్ని సేవాలోపంగా చూడనూవచ్చు. కానీ అది నిజం, పేషెంటుకు తెలియాల్సిన నిజం. బాధ్యత తేల్చకుండా ఉండటానికీ నిజం మింగేయడానికీ మధ్య గీత అక్కడే ఉంది.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఫిర్యాదులో ‘‘ఎదురుచూపుల్లో అమ్మకు షుగర్ పడిపోయి స్పృహ తప్పింది’’ అని ఉంటే అది ఇక వెయిటింగ్ ఫిర్యాదు కాదు. హాని జరిగిందన్న ఆరోపణ. దానికి కౌంటర్ మేనేజరు జవాబు రాయకూడదు. ‘‘ఉత్తరం అందింది, మీ అమ్మగారి ఆరోగ్యం గురించి ఆందోళనగా ఉంది, వైద్యుల విచారణ జరిపి ఫలానా తేదీలోపు రాస్తాం’’ అని వెంటనే చెప్పి, సూపరింటెండెంట్‌కు, న్యాయ సలహాదారుకు, బీమా కంపెనీకి తెలియజేయాలి. చెప్పిన తేదీకి జవాబు ఇవ్వాలి కూడా. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం ఫిర్యాదు అందిన 15 రోజుల్లోగా దాని ఫలితాన్ని రాతపూర్వకంగా తెలపాలి.

ఇక ఇలాంటి జవాబు అందుకున్నవారికి ఒక మాట. వేళలు, కారణం, మారిన పద్ధతి, సంతకం పెట్టిన మనిషి పేరు ఉన్నాయా చూడండి. లేకపోతే అవి అడుగుతూ మళ్లీ రాయండి. క్షమాపణను మన్నించినంత మాత్రాన మీ హక్కు పోదు. ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది.