దురద తగ్గింది, తామర తగ్గలేదు

కుర్చీలో కూర్చోకముందే జేబులోంచి ఒక పాలిథిన్ కవరు తీసి బల్లమీద పెట్టాడు. అందులో నాలుగు ట్యూబులు. మూడింటిని టూత్‌పేస్టు అడుగంటినప్పుడు చుట్టినట్టు తోక దగ్గర్నుంచి చుట్టేశాడు. నాలుగోది ఇంకా సగం ఉంది. "ఇవన్నీ వాడాను మేడమ్. రాస్తున్నన్నాళ్లూ బాగుంటుంది. ఆపిన నాలుగు రోజులకే మళ్లీ మొదలు" అన్నాడు. ఎక్కడండీ అని అడిగితే మాత్రం నేలచూపులు చూశాడు. ఆడ డాక్టరుకి గజ్జలు చూపించాలంటే ఎవరికైనా ఇబ్బందే. ఆ ఇబ్బందే ఆయన్ని ఆరు నెలలపాటు మందుల షాపు చుట్టూ తిప్పింది.

ఆటో నడుపుతాడు, వయసు 34. ఎవరో తెలియకుండా వివరాలు కొద్దిగా మార్చి చెబుతున్నాను. ఏప్రిల్ ఎండల్లో కుడి గజ్జలో రూపాయి బిళ్లంత మచ్చ వచ్చింది. అంచు ఎర్రగా కాస్త పైకి లేచి, దానిమీద సన్నటి పొట్టు. రాత్రి పడుకున్నాక దురద. షాపులో నలుగురూ ఉండగా గొంతు తగ్గించి చెబితే, కౌంటర్లో కుర్రాడు ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. మూడో రోజుకి దురద పోయింది, పది రోజులకి ఎరుపూ పోయింది. అమ్మయ్య అని ఆపేశాడు. వారం తిరక్కుండా రూపాయి బిళ్ల చపాతీ అంతయింది. మళ్లీ అదే ట్యూబు తెచ్చుకున్నాడు. నా దగ్గరకు వచ్చేసరికి సెప్టెంబరు. రెండు తొడలు, పిరుదులు దాటి మొలతాడు దాకా పాకింది. భార్యకి లంగా నాడా కట్టుకునే చోట, ఆరేళ్ల కూతురికి మోచేతి మీద కూడా మొదలైంది.

ఇది తామర. ఇంగ్లీషులో రింగ్‌వార్మ్ అంటారు గానీ ఇందులో పురుగేమీ లేదు, ఇది ఫంగస్. రొట్టెమీద బూజు పట్టినట్టే చర్మంమీద పడుతుంది. కాకపోతే దీని తిండి వేరు. మన చర్మం పై పొరలో, గోళ్లలో, జుట్టులో ఉండే కెరాటిన్ అనే గట్టి పదార్థాన్ని తిని బతుకుతుంది. ఆ పై పొర చచ్చిన కణాల పొర. ఫంగస్ సాధారణంగా అక్కడే ఉండిపోతుంది, లోపలికి దిగదు. దాని వాసన పసిగట్టి కింద ఉన్న బతికున్న చర్మం ఎదురు తిరుగుతుంది. ఆ ఎరుపు, వాపు, దురద అన్నీ మన ఒంటి ప్రతిఘటనే. చర్మం ఫంగస్‌ని వదిలించుకోవాలని పై పొరను తొందర తొందరగా తయారుచేసి రాల్చేస్తుంది, అదే పొట్టు. ఫంగస్ మొదలైన చోటు నుంచి చుట్టూ బయటికి పాకుతుంది. వెనక వదిలిన మధ్య భాగం తేరుకుంటుంది. యుద్ధమంతా అంచు దగ్గరే. అందుకే ఉంగరం ఆకారం.

మరి ట్యూబులో ఏముంది? నాలుగూ వేర్వేరు కంపెనీలవి, కానీ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదివితే అన్నీ ఒకే వంట. ఒక ఫంగస్ మందు, ఒకటో రెండో బాక్టీరియా మందులు, వాటితోపాటు క్లోబెటసాల్. ఈ చివరిదే స్టెరాయిడ్. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికంటే బలమైన తరగతిలోది. స్టెరాయిడ్ ఫంగస్‌ని చంపదు. చర్మం ఎదురు తిరగడాన్ని ఆపేస్తుంది, అంతే. దొంగ ఇంట్లో ఉండగా కుక్క నోరు కట్టేసినట్టు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, దొంగ గదులన్నీ తీరుబడిగా తిరుగుతాడు. దురద పోవడం చూసి ఆయన జబ్బు పోయిందనుకున్నాడు. నిజానికి పోయింది మొరుగుడు.

ట్యూబులో ఫంగస్ మందు కూడా ఉంది కదా, అది పని చేయాలి కదా అని మీరు అడగొచ్చు. అది పని చేయాలంటే వారాలు పడుతుంది. స్టెరాయిడ్ మూడు రోజుల్లో దురద తగ్గించేస్తే వారాలపాటు రాసేవాళ్లెవరు? చర్మం తన వంతు పోరాటం మానేశాక మందు ఒక్కటే గెలవడమూ కష్టమే. పైగా ఆ ఫంగస్ కూడా మారిపోయింది. పదిహేనేళ్ల కిందట టెర్బినాఫిన్ అనే మాత్రతో రెండు మూడు వారాల్లో తగ్గే తామర, ఇప్పుడు మన దేశంలో చాలామందికి దానికి లొంగడం లేదు. ఈ మొండి రకానికి 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోని 'ఇండో' మన దేశమే. అమెరికాలోనూ ఇది ఉన్నట్టు 2023లో వెల్లడైంది. అమెరికాలో ఉన్న పిల్లల కోసం ఆవకాయతోపాటు ఈ ట్యూబులు కూడా సూట్‌కేసులో సర్దే తల్లిదండ్రులు నాకు తెలుసు.

స్టెరాయిడ్ క్రీమంటేనే విషం అని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. ఎగ్జిమాకి, సోరియాసిస్‌కి అదే సరైన మందు. చిక్కల్లా మన మాటలోనే ఉంది. ఎగ్జిమానీ తామర అంటాం, ఫంగస్‌తో వచ్చేదాన్నీ తామర అంటాం. మొదటిదానికి మందైనది రెండోదానికి ఎరువు. పక్కింటావిడకి తామర తగ్గించిన ట్యూబు మీ తామరని పెంచుతుందంటే ఆశ్చర్యం లేదు. ఆవిడది ఎగ్జిమా అయ్యుంటుంది.

మడతల్లో సంగతి ఇంకా తీవ్రం. గజ్జలు, చంకలు, రొమ్ముల కింద చర్మం పలచన. రెండు వైపులా అతుక్కుని ఉండడం వల్ల చెమట ఆరదు, రాసిన మందు మూతపెట్టినట్టు లోపలికి ఇంకుతుంది. 1967లో అమెరికాలో ఒక స్టెరాయిడ్‌ని ఒంటిమీద వేర్వేరు చోట్ల రాసి ఎంత ఇంకుతుందో కొలిచారు. ముంజేతితో పోలిస్తే వృషణాల సంచి చర్మం 42 రెట్లు పీల్చుకుంది. చేతిమీద రెండు వారాలు ఏమీ చేయని క్రీము గజ్జల్లో చర్మాన్ని కాగితంలా పలచన చేయగలదు.

ఆయన తొడల లోపలివైపు అదే జరిగింది. గర్భిణుల పొట్టమీద ఉండేలాంటి చారలు, కొన్ని ఎర్రగా, పాతవి తెల్లగా. తామర మాత్రం పుస్తకంలో బొమ్మలా లేదు. అంచు చెరిగిపోయింది, పొట్టు దాదాపు లేదు. కొన్ని చోట్ల ఉంగరంలో ఉంగరం కనిపిస్తోంది. రాసినన్నాళ్లు అణిగి, ఆపినప్పుడల్లా కొత్త అల పుట్టడం వల్ల అలా అవుతుంది. ఇలా వేషం మార్చిన తామరకి 1968లోనే డాక్టర్లు టీనియా ఇన్‌కాగ్నిటో అని పేరు పెట్టారు. మారువేషంలో ఉన్న తామర అన్నమాట.

వేషం మారినప్పుడు కంటిని నమ్మకూడదు. మడతల్లో ఎర్రబడేవన్నీ తామర కావు. కాండిడా అనే మరో ఫంగస్ ఉంది, బాక్టీరియా ఉంది, సోరియాసిస్ కూడా మడతల్లో వస్తుంది. అందుకే మొద్దు బ్లేడుతో అంచు దగ్గర మెల్లగా గీకి, రాలిన పొట్టుని గాజు పలకమీద వేసి, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేశాను. చర్మం కణాలు కరిగినట్టై పలకంతా తేటపడుతుంది, ఫంగస్ మాత్రం మిగులుతుంది. పావుగంట తర్వాత మైక్రోస్కోపులో పెట్టి ఆయన్నే చూడమన్నాను. కొమ్మలు వేసిన సన్నటి దారాలు, ఒకదాని మీదుగా ఒకటి. "ఇన్నా!" అన్నాడు. స్టెరాయిడ్ రాసినవాళ్లలో తరచూ ఇలాగే ఉంటుంది. పైకి తక్కువ కనిపిస్తుంది, పలకమీద కిక్కిరిసి ఉంటుంది.

చికిత్సలో కష్టమైనది మొదటి వారం. స్టెరాయిడ్ ఆపగానే కుక్క మళ్లీ మొరుగుతుంది. దురద, ఎరుపు మునుపటికంటే ఎక్కువవుతాయి. ఈ మాట ముందే చెప్పకపోతే "డాక్టరు మందుతో ఇంకా పెరిగింది" అని రోగి మళ్లీ పాత ట్యూబే పడతాడు. అందుకే సగమున్న నాలుగో ట్యూబుని నేనే తీసుకుని చెత్తబుట్టలో వేశాను. దురదకి రాత్రిపూట ఒక అలర్జీ మాత్ర ఇచ్చాను. (ఒళ్లంతా నెలల తరబడి రాసినవాళ్లు మాత్రం సొంతంగా ఒక్కసారి ఆపకుండా డాక్టరుకి చెప్పాలి. మందు రక్తంలోకి ఇంకి, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్‌ని అణచివేసి ఉండొచ్చు.)

ఫంగస్‌కి ఇట్రాకొనజోల్ రాశాను. గుండె, లివరు జబ్బులున్నవాళ్లకి, గర్భిణులకి ఇది కుదరదు, కొన్ని మందులతో పొసగదు, కాబట్టి అవన్నీ అడిగాకే. అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్ర దీంతోపాటు వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. పైన రాయడానికి స్టెరాయిడ్ లేని ఉట్టి ఫంగస్ క్రీము. మచ్చమీద మాత్రమే కాదు, అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయాలి. ఫంగస్ కంటికి కనిపించే అంచుకంటే ముందే ఉంటుంది. మచ్చ పూర్తిగా పోయాక మరో రెండు వారాలు రాయాలి.

మూడో వారంలో వచ్చినప్పుడు తొడలు చాలావరకు తేటపడ్డాయి, నడుము చుట్టూ మాత్రం ఎర్రటి గీత అలాగే ఉంది. మొలతాడు కింద! స్నానంలో తడిసిన ఆ తాడు ఆరదు, ఉతకరు, ఫంగస్ రేణువులు అందులోనే దాక్కుంటాయి. తీసేయాలంటే మొదట తటపటాయించాడు. తగ్గాక కొత్తది కట్టుకోండి అన్నాక ఒప్పుకున్నాడు. లోదుస్తులు, తువ్వాలు, లుంగీ విడిగా వేడి నీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయమన్నాను. భార్యకి, పాపకి కూడా అదే రోజు మందు మొదలుపెట్టాం. ఒక్కరికే వైద్యం చేస్తే తామర ఇంట్లో చక్కర్లు కొడుతూనే ఉంటుంది.

చర్మానికి రాసే 14 స్టెరాయిడ్లని 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆయన నాలుగు ట్యూబులకీ చీటీ లేదు. కౌంటర్లో కుర్రాడిని తిట్టి లాభం లేదు, మూడు రోజుల్లో హాయి దొరికే మందునే జనం పేరుపెట్టి అడుగుతారు. ట్యూబు వెనక్కి తిప్పి క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ అనే పేర్లలో ఒక్కటైనా ఉందేమో చూడడం మన చేతుల్లో ఉంది. ఉంటే, జబ్బేమిటో తేలనంతవరకు గజ్జల్లో రాయకూడదు.

తొమ్మిదో వారానికి ముగ్గురికీ తగ్గింది. తొడల మీద గోధుమరంగు మచ్చలు మిగిలాయి, అవి నెలల్లో వాటంతటవే పోతాయని చెప్పాను. మరి ఈ చారలు, అని లుంగీ కొంచెం పైకి జరిపి చూపించాడు. ఈసారి నేలచూపులు లేవు. ఎరుపు తగ్గి తెల్లబడతాయి, అంతకుమించి పోవు అన్నాను.