సెగగడ్డ: ఫొటోకు ఏం తెలుస్తుంది, వేలికి ఏం తెలుస్తుంది

తొడ మీద సెగగడ్డ లేస్తే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, తెలిసిన డాక్టరుకు పంపి, "కోయించాలా?" అని అడుగుతున్నాం. ఒక్క ఫొటో చూసి ఆ మాట చెప్పడం ఎవరికైనా కష్టమే. గడ్డలో చీము చేరి మెత్తబడిందా అన్నదే అసలు ప్రశ్న. అది వేలితో తాకితేనే తెలుస్తుంది.

వేడి చేసి గడ్డలు లేస్తాయంటాం గానీ, చాలావాటికి కారణం స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా. అది వెంట్రుక కుదురులోకి దిగితే శరీరం దాని చుట్టూ గోడ కడుతుంది. మొదటి రెండు మూడు రోజులు గడ్డ గట్టిగా ఉంటుంది. అప్పుడు కోసినా పెద్దగా ఏమీ రాదు. పిసికితే ఇన్ఫెక్షన్ పక్కలకు పాకుతుంది. శుభ్రమైన గుడ్డను చర్మం కాలనంత వేడినీళ్లలో ముంచి పిండి, 10-15 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెట్టాలి. చిన్న గడ్డలు చాలావరకు ఇలాగే పండి, పగిలి మానిపోతాయి.

ఫొటో ఉపయోగం మార్పును చూపడంలో ఉంది. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి, రోజూ ఒకే వెలుతురులో ఫొటో తీయండి. చామనఛాయ, నల్లటి చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి వాపునూ వేడినీ చేత్తో చూసుకోవాలి.

ఉదాహరణకు, సోమవారం గడ్డ శనగగింజంత ఉంది. బుధవారానికి రూపాయి బిళ్లంత అయింది, ఎరుపు గీత దాటలేదు, జ్వరం లేదు. కాపడం సాగిస్తే చాలు. శుక్రవారానికి నొప్పి నిద్ర పట్టనివ్వడం లేదు, నడుమ మెల్లగా అదిమితే లోపల నీరు కదిలినట్టుంది. ఇక చీము తీయించాలి. గోడ కట్టిన చీములోకి యాంటీబయాటిక్ మాత్ర సరిగా చేరదు కాబట్టి మందులొక్కటే చాలవు. డాక్టరు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కోసి, లోపలి అరలన్నీ విడదీసి చీము తీస్తారు. పైన మూసుకుపోతే మళ్లీ చీము పడుతుంది కాబట్టి, మామూలుగా కుట్లు వేయకుండా గాయాన్ని అడుగు నుంచి మాననిస్తారు. ఇంట్లో సూదితో, బ్లేడుతో ఈ పని చేయకూడదు.

కొన్ని గడ్డల విషయంలో ఎదురుచూడకూడదు. ముక్కు, పై పెదవి, కంటి దగ్గర లేచినవి, మలద్వారం పక్కనా రొమ్ము మీదా వచ్చినవి, షుగరు ఉన్నవారికీ పసిపిల్లలకూ వచ్చినవి వెంటనే చూపించాలి. చలిజ్వరం వచ్చినా, ఎరుపు గీత దాటినా ఆ రోజే వెళ్లాలి. చర్మం నల్లబడుతున్నా, కనిపించే వాపుకు మించిన నొప్పి ఉన్నా అర్ధరాత్రయినా ఆసుపత్రికి చేరాలి. గడ్డలు మళ్లీ మళ్లీ లేస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి. అప్పటిదాకా బయటపడని షుగరు కొందరిలో ఇలాగే తెలుస్తుంది.