రెండు ఫోన్లు, ఒకే రికార్డు

పాడేరు దాటి లోపలికి వెళ్లే కొద్దీ ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. అలాంటి ఊళ్లో ఒక ఏఎన్‌ఎం ఒక గర్భిణిని పరీక్షించిందనుకుందాం. హిమోగ్లోబిన్ 6.8. ఏడు గ్రాముల కంటే తక్కువంటే తీవ్ర రక్తహీనత, ఆస్పత్రికి పంపాల్సిందే. ఆమె ట్యాబ్‌లో అంకె కొట్టి ‘సేవ్’ నొక్కింది. నెట్ లేదు. అయినా యాప్ గిరగిరా తిరుగుతూ కూర్చోలేదు, ‘తర్వాత ప్రయత్నించండి’ అనలేదు. సేవ్ అయిపోయింది.

ఇలా నెట్ లేకపోవడాన్నే మామూలు స్థితిగా అనుకుని యాప్ కట్టడాన్ని ‘ఆఫ్‌లైన్ ఫస్ట్’ అంటున్నారు. రాసింది ముందు ట్యాబ్‌లోనే ఉన్న చిన్న డేటాబేస్‌లోకి పోతుంది. సిగ్నల్ దొరికినప్పుడు అక్కడి నుంచి సర్వర్‌కు చేరుతుంది. నేపాల్, కెన్యా, ఉగాండాలలో ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తలు వాడే ‘కమ్యూనిటీ హెల్త్ టూల్‌కిట్’ ఇలాంటిదే. దాని ఫోన్ వైపు పౌచ్‌డీబీ, సర్వర్ వైపు కౌచ్‌డీబీ అనే డేటాబేస్‌లు ఉంటాయి. రెండూ ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగినవే. మన్యం కథను ఆ రెండింటితోనే నడిపి చూద్దాం.

సేవ్ చేయడం తేలిక. చిక్కంతా పంపడంలో ఉంది. ఏఎన్‌ఎం మండల కేంద్రానికి వచ్చేసరికి ఒక గీత సిగ్నల్ తగిలి సింక్ మొదలైంది. రికార్డు సర్వర్‌కు చేరింది కానీ, ‘అందింది’ అనే జవాబు వెనక్కి రాకముందే సిగ్నల్ పోయింది. ఇప్పుడు ట్యాబ్‌కు తను పంపింది చేరిందో లేదో తెలియదు. మళ్లీ పంపితే ఒకే పరీక్ష రెండుసార్లు నమోదయ్యే ప్రమాదం, పంపకపోతే అసలుకే మోసం. దీనికి విరుగుడు చాలా సాదా. రికార్డుకు గుర్తింపు సంఖ్య సర్వర్ ఇచ్చేదాకా ఆగకుండా, పుట్టినప్పుడే ట్యాబే ఒక పొడవైన సంఖ్య తగిలిస్తుంది. మళ్లీ కలిసినప్పుడు ‘నా దగ్గర ఇవిగో ఇవి ఉన్నాయి, నీ దగ్గర లేనివేవి?’ అని అడుగుతుంది. సర్వర్ లేనివాటి పేర్లు చెబుతుంది, ట్యాబ్ అవి మాత్రమే పంపుతుంది. ఎన్నిసార్లు తెగినా, ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఒకే పరీక్ష రెండు కాదు.

అసలు తలనొప్పి అదే వారం వచ్చింది. అదే గర్భిణి ఫోన్ నంబరు మారింది. ఊళ్లో ఉండే ఆశా కార్యకర్త తన ఫోన్‌లో అదే రికార్డు తెరిచి కొత్త నంబరు కొట్టింది. అప్పటికి ఆమె ఫోన్‌లో ఉన్నది పాత రికార్డు, అందులో హిమోగ్లోబిన్ 9.1. ఇద్దరూ ఒకే పాత ప్రతి నుంచి బయల్దేరి, ఒకరికి తెలియకుండా ఒకరు చెరొక మార్పు చేశారు. రెండూ సర్వర్ దగ్గర కలుసుకున్నాయి. కాన్‌ఫ్లిక్ట్ అంటే ఇదే.

చాలా యాప్‌లు ఇక్కడ ఒక సులువైన దారి పడతాయి: చివర రాసిందే చెల్లుతుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ చివర అంటే ఎవరి గడియారం ప్రకారం? బ్యాటరీ పూర్తిగా అయిపోయి తిరిగి వెలిగిన చవక ఫోన్లలో తేదీ కొన్నేళ్లు వెనక్కి పోవడం వింతేమీ కాదు. పోనీ గడియారాలు సరిగ్గానే ఉన్నాయనుకున్నా, ఆశా కార్యకర్త ఏఎన్‌ఎం కంటే తర్వాత సేవ్ చేసింది కాబట్టి ఆమె రికార్డు మొత్తంగా గెలుస్తుంది. దానితో పాటు పాత 9.1 కూడా గెలుస్తుంది. ఫోన్ నంబరు మార్చబోయి ఆమె ప్రాణాపాయపు అంకెను తుడిచేసినట్టయింది, అదీ తనకు తెలియకుండానే.

కౌచ్‌డీబీ గడియారాన్ని నమ్మదు. మార్పు జరిగిన ప్రతిసారీ రికార్డుకు ఒక వెర్షన్ గుర్తు వేస్తుంది. అందులో ముందు ఎన్నో మార్పో చెప్పే అంకె, గీత తర్వాత అందులోని విషయాన్ని బట్టి లెక్కకట్టిన అక్షరాల వరస. మన రికార్డు పాత ప్రతి 2 అనుకుంటే, ఇద్దరి మార్పులూ 3 అవుతాయి. ఏఎన్‌ఎంది 3-a1, ఆశా కార్యకర్తది 3-f7 అనుకుందాం. నిజానికి ఆ వరస ఇంకా చాలా పొడుగ్గా ఉంటుంది. ఒకే 2 నుంచి రెండు 3లు వచ్చాయంటే కొమ్మ చీలిందన్నమాట. కౌచ్‌డీబీ రెండు కొమ్మల్నీ ఉంచుతుంది, దేన్నీ పారేయదు.

అయితే అడిగినవాళ్లకు ఏదో ఒకటి చూపించాలి కదా. అందుకో నియమం పెట్టుకుంది. ఎక్కువసార్లు మారిన కొమ్మ ముందు, సమానమైతే అక్షర క్రమంలో పెద్దది ముందు. ప్రపంచంలో ఏ మూల ఉన్న సర్వరైనా మరొకదాన్ని అడగకుండానే అదే కొమ్మను ఎంచుకోవడానికి పెట్టిన నియమం ఇది. ఏది నిజమో తేల్చడానికి కాదు. a కన్నా f పెద్దది కాబట్టి ఇక్కడా తెర మీద కనిపించేది 9.1 ఉన్న రికార్డే. 6.8 ఎక్కడికీ పోలేదు, కానీ ప్రత్యేకంగా అడిగితే తప్ప కనిపించదు. అడిగే పద్ధతి `?conflicts=true`. అప్పుడు జవాబు ఇలా వస్తుంది:

```
{ "_rev": "3-f7",
  "hb": 9.1,
  "_conflicts": ["3-a1"] }
```

చాలా జట్లు బోల్తా పడేది ఇక్కడే. డేటాబేస్ ఎర్రర్ ఇవ్వదు, సింక్ పచ్చగా పూర్తయిందంటుంది, అందరూ ఇంటికి పోతారు. చివరి గీతలోని ఆ చిన్న జాబితాను చూసే కోడ్ ఎవరూ రాయకపోతే 6.8 ఏళ్ల తరబడి సర్వర్‌లోనే పడి ఉండొచ్చు.

చూశారనే అనుకుందాం. ఎలా కలపాలి? పాత ప్రతి 2ను పక్కన పెట్టుకుని చూస్తే, ఒక కొమ్మలో ఫోన్ నంబరు ఒక్కటే మారింది, మరొక కొమ్మలో హిమోగ్లోబిన్ ఒక్కటే మారింది. రెండూ తీసుకుంటే సరి. ప్రోగ్రామర్లు రోజూ గిట్‌లో చేసే పని ఇదే. కానీ కౌచ్‌డీబీలో ఇక్కడొక గొయ్యి ఉంది. పాత ప్రతులను అది దాచిపెట్టదు. జాగా కోసం శుభ్రం చేసుకున్నప్పుడు కొమ్మల చివర ఉన్న ప్రతుల్ని మాత్రమే ఉంచి, వాటి వెనకవాటి గుర్తులు మిగిల్చి లోపలి విషయం తీసేస్తుంది. 2 అనే ప్రతి ఉండేదని తెలుస్తుంది, అందులో ఏముందో తెలియదు. అది లేకుండా 9.1, 6.8లలో ఏది పాతదో ఏది కొత్తదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

అందుకే టూల్‌కిట్ తయారీదార్లు కలపడం కన్నా, కలపాల్సిన అవసరమే రాకుండా చూసుకున్నారు. గర్భిణి వివరాలు ఒక డాక్యుమెంటు. ఆమెను చూడటానికి వెళ్లిన ప్రతిసారీ పుట్టేది వేరే డాక్యుమెంటు, దాని సంఖ్య దానిదే. మన ఏఎన్‌ఎంలు కాగితం రిజిస్టర్‌లో చేసేదీ ఇదే: పాత వరుసను దిద్దరు, కింద కొత్త వరుస రాస్తారు. అలా చేస్తే 6.8 ఒక కొత్త కాగితం, ఫోన్ నంబరు మార్పు పాత కాగితం మీద దిద్దుబాటు. రెండూ ఢీకొనవు. ఇద్దరూ ఒకే రోజు రక్తపరీక్ష చేసినా రెండు అంకెలూ ఉంటాయి, ఏది నమ్మాలో డాక్టరు చూసుకుంటారు. దీనికి ఖర్చు లేకపోలేదు. కాగితాలు పెరుగుతూ పోతాయి, చవక ఫోన్ మోయలేదు. అందుకే ఒక్కో ఫోన్‌లో పది వేల డాక్యుమెంట్లు మించకుండా చూసుకోమని ఆ టూల్‌కిట్ సలహా, పాతవి ఫోన్ నుంచి తీసేసే ఏర్పాటూ ఉంది.

తీసేయడమంటే గుర్తొచ్చింది, ఈ లోకంలో తుడిచేసిన వస్తువు తిరిగి లేవడం మామూలే. అమెజాన్ ఇంజినీర్లు 2007లో తమ డైనమో డేటాబేస్ గురించి రాస్తూ ఈ సంగతి దాచుకోలేదు. కొనేవాడి బుట్టకు రెండు ప్రతులు ఏర్పడితే రెండింటినీ కలిపేస్తారు, అందువల్ల బుట్టలో వేసింది ఎన్నడూ పోదు, తీసేసింది మాత్రం ఒక్కోసారి మళ్లీ ప్రత్యక్షమవుతుంది. బుట్టలో అదనంగా ఒక సబ్బు కనిపిస్తే నష్టమేమీ లేదు, డబ్బు కట్టేముందు తీసేస్తాడు. చనిపోయిన బిడ్డకు టీకా వేయించమని తల్లికి మెసేజ్ వెళితే అలా అనుకోలేం.

ఇన్ని జాగ్రత్తలకూ చిక్కని కేసు ఒకటుంది. పుట్టింటికి వచ్చిన అదే గర్భిణిని అక్కడి ఆశా కార్యకర్త కొత్తగా నమోదు చేసింది. వేరే ఫోన్, వేరే సంఖ్య. డేటాబేస్ దృష్టిలో కొమ్మ చీలలేదు, కాన్‌ఫ్లిక్ట్ జాబితా ఖాళీ. లిస్టులో ఇద్దరు గర్భిణులు. ఒకరికి హిమోగ్లోబిన్ 6.8, మరొకరికి ఇంకా పరీక్షే చేయలేదు. నెల మీటింగ్‌లో రెండు ఊళ్ల లిస్టులూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ‘ఈమె మా ఊరి పిల్లే కదా మేడమ్’ అని ఎవరో ఒకరు అంటే తప్ప ఇది బయటపడదు.