మెడ వెనక జీరో వద్దన్నా

“అన్నా, రేపు పొద్దున తొమ్మిదింటికి కటింగ్‌కి వస్తా. ఒక్క మాట ముందే చెప్తున్నా. నడినెత్తికి కాస్త కుడిపక్కన శనగగింజంత గడ్డ ఉంది. జుట్టులో కనపడదు, తడిమితే తెలుస్తుంది. దాని మీద మిషన్ వద్దు, కత్తెరతో కొట్టు. మెడ వెనక పొక్కులున్నాయి. అక్కడ జీరో కొట్టొద్దు, బ్లేడు పెట్టొద్దు. మిగతా తలంతా రెండో నంబర్ గార్డుతో కొట్టు. గీత నీటుగా రాకపోయినా పర్లేదు.”

తల మీద చర్మం త్వరగా మండిపోయే మనిషి తన బార్బర్‌కి వాట్సాప్‌లో పంపాల్సిన సందేశం ఇలా ఉండాలి. చాలామంది కుర్చీలో కూర్చున్నాక “కొంచెం మెల్లగా కొట్టన్నా” అని ఊరుకుంటారు. దాంతో పని జరగదు. బార్బర్ చెయ్యి తేలిక చేస్తాడు, వెంట్రుకలు సగం మిగిలిపోతాయి, వాటి కోసం అదే చోట మిషన్ మళ్లీ మళ్లీ తిప్పుతాడు. ఒక్కసారి కాస్త ఆనించి పోనిచ్చినదానికన్నా ఈ రాపిడే చర్మాన్ని ఎక్కువ ఎర్రబరుస్తుంది. అందుకే ఏ చోట, ఎంత పొడవు అన్నది చెప్పాలి.

మిషన్‌లో రెండు పళ్ల బ్లేడ్లు ఉంటాయి. కిందిది కదలదు, చర్మానికి ఆనేది అదే. పైది అటూ ఇటూ వేగంగా ఆడుతూ మధ్యలో చిక్కిన వెంట్రుకను కోస్తుంది. మామూలుగా పై బ్లేడు అంచు కింది బ్లేడు అంచుకన్నా కాస్త వెనక్కి ఉంటుంది. ఆ కాస్త ఎడమే చర్మానికి రక్షణ. బాగా దగ్గరగా తెగాలని ఆ రెండంచులనూ దాదాపు సమానం చేసినప్పుడు, ఉబ్బుగా ఉన్న చర్మం పళ్ల మధ్యకు దూరి తెగుతుంది. పైన ప్లాస్టిక్ గార్డు తగిలిస్తే లోహం చర్మం దాకా రాదు. ఒకటో నంబర్ దాదాపు 3 మిల్లీమీటర్ల జుట్టు ఉంచుతుంది, రెండోది 6.

మరి గార్డు ఉండగా గడ్డ దగ్గర కత్తెర ఎందుకు? నెత్తి మీద గుండ్రంగా, నున్నగా, వేలితో నొక్కితే కాస్త కదిలే గడ్డ చాలావరకు వెంట్రుక కుదురు దగ్గర ఏర్పడే హానిలేని తిత్తి. గార్డు దాన్ని ఎక్కి దిగేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ మూల చర్మాన్ని గీకుతుంది. దువ్వెనతో జుట్టు పైకెత్తి కత్తెరతో కొడితే ఈ బాధ లేదు. అయితే బార్బర్ మొదట వేలితో తడిమి గడ్డ ఎక్కడుందో చూసుకోవాలి.

మెడ వెనక సంగతి వేరు. ఉంగరాల జుట్టును చర్మానికి సమంగా తెగ్గొడితే, పదునైన ఆ కొస మళ్లీ పెరుగుతూ వంగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. దాని చుట్టూ పొక్కు లేస్తుంది. కటింగ్ కటింగ్‌కీ అదే చోట జీరో కొట్టించుకుంటూ పోతే కొందరిలో ఆ పొక్కులు గట్టిపడి, మచ్చ కట్టి, అక్కడ జుట్టే రాకుండా పోతుంది. చర్మవైద్యులు ఇలాంటివారికి మొదట చెప్పేది మెడ వెనక నున్నగా గీయించడం మానమనే. కనీసం ఒకటో నంబర్ పొడవైనా మిగలాలి. అంచు గీత కాస్త మసగ్గా వస్తుంది, దాన్ని ఒప్పుకోక తప్పదు. సందేశంలో ఆఖరి వాక్యం అందుకే. అది లేకపోతే పనిమీద శ్రద్ధ ఉన్న బార్బర్ చివర్లో బ్లేడు తీసేస్తాడు.

మిషన్ గురించి కూడా అడగొచ్చు, తప్పేమీ కాదు. వరసగా నలుగురైదుగురికి కొట్టిన మిషన్ బ్లేడు వేడెక్కి ఉంటుంది. మణికట్టు లోపలివైపు ఆనించి చూస్తే తెలిసిపోతుంది. మొద్దుబారిన బ్లేడు కోయదు, పీకుతుంది. కుర్చీలో మనకే చురుక్కుమంటుంది. ముందువారి వెంట్రుకలు బ్రష్‌తో దులిపి స్పిరిట్ రాసి ఆరనివ్వకపోతే తామర లాంటివి అంటుకునే వీలుంది.

కటింగ్ అయ్యాక కాసేపు వెచ్చగా అనిపించి తగ్గిపోతే దిగులు లేదు. మర్నాటికి ఎర్రటి చుక్కలు లేస్తే దగ్గరగా తెగిందని అర్థం, ఈసారి ఒక నంబర్ పెంచమనాలి. చీము, నొప్పి, లేదా గుండ్రంగా జుట్టు ఊడి పొట్టు రాలుతున్న మచ్చ కనిపిస్తే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాలి. నయమయ్యేదాకా కటింగ్ వాయిదా వేసుకోవాలి.

మన తల వెనక మనకు కనపడదు కాబట్టి ఇంట్లోవాళ్లతో ఒక ఫొటో తీయించి సందేశంతో పాటు పంపితే మంచిది. ఆదివారం రద్దీలో షాపు ఓనర్ కాకుండా పక్క కుర్చీ కుర్రాడు మిషన్ అందుకుంటే, అదే సందేశం అతనికీ చూపించి, గడ్డ మీద అతని వేలు ఒకసారి పెట్టించాలి.