మూడు వేల చెరువుల మార్కెట్

భీమవరం చుట్టుపక్కల వనామీ వేసిన రైతుకు తెల్లవారుజామంటే భయం. చీకటి పడ్డాక చెరువు నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి, తెల్లవారే వేళకు బాగా పడిపోతుంది. అప్పుడు ఏరేటర్లు తిరక్కపోతే రొయ్య పైకి తేలుతుంది, కొన్ని గంటల్లో పంట పోతుంది. ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోన్ మోగించే పరికరం తయారుచేసిన ఇద్దరు కుర్రాళ్లు పెట్టుబడి కోసం బయల్దేరారనుకుందాం. ఈ కంపెనీ నేను కల్పించింది. కింద వచ్చే చెరువుల సంఖ్యలు, ధరలు కూడా లెక్క చూపడానికి వేసుకున్నవే. స్లైడ్లలో జరిగే పొరపాట్లు మాత్రం నిజంగా జరిగేవే.

వాళ్ల పిచ్ డెక్‌లో మార్కెట్ స్లైడ్ మొదటిసారి ఇలా ఉంటుంది: '2023-24లో మన దేశం నుంచి ఎగుమతైన రొయ్యల విలువ సుమారు 40 వేల కోట్ల రూపాయలు. అందులో 1 శాతం మాకు వచ్చినా 400 కోట్లు.' మొదటి వాక్యం నిజమే. కానీ ఆ డబ్బు విదేశాల్లో రొయ్యలు కొన్నవాళ్లు రొయ్యల కోసం ఇచ్చింది. అలారం కోసం ఎవరూ ఇవ్వలేదు. మేత, పిల్ల, కరెంటు, కూలి, ప్రాసెసింగ్ ఖర్చులన్నీ ఆ మొత్తంలోనే ఉన్నాయి.

అనుభవమున్న ఇన్వెస్టర్ ఈ స్లైడ్ చూడగానే ఒక చిన్న భాగహారం చేస్తాడు. పరికరం అద్దె చెరువుకు ఏడాదికి 18 వేలు. 400 కోట్లను 18 వేలతో భాగిస్తే 2 లక్షల 22 వేల చెరువులు. 'ఇన్ని చెరువుల్లో ఎవరు బిగిస్తారు, ఎన్నాళ్లు పడుతుంది?' అని అడిగితే కుర్రాళ్ల దగ్గర సమాధానం ఉండదు. 1 శాతం అన్నమాట చిన్నగా వినిపిస్తుంది కాబట్టే దాని వెనక ఎంత పని ఉందో వాళ్లకే కనపడలేదు.

లెక్కను చెరువు గట్టు మీదనుంచి మొదలుపెట్టాలి. ముందు పనిచేయబోయే మండలాలు ఏవో రాసుకోవాలి. అక్కడ 20 వేల చెరువులు ఉన్నాయనుకుందాం. వాటిలో చేపల చెరువులు తీసేస్తే రొయ్యలవి 8 వేలు. ఏరేటర్లు, సరైన కరెంటు ఉన్నవి 5 వేలు. ఏరేటరే లేని చెరువులో అలారం మోగితే రైతు చేయగలిగింది తక్కువ, కాబట్టి మిగతా మూడు వేలు మన మార్కెట్ కాదు. ఇంటి పక్కనే ఒకటి రెండు చెరువులున్న రైతు తనే లేచి చూసుకుంటాడు, అతనూ కొనడు. అవి తీసేస్తే 3 వేల చెరువులు మిగిలాయి. 18 వేల చొప్పున ఏడాదికి 5 కోట్ల 40 లక్షలు.

40 వేల కోట్ల పక్కన ఈ అంకె చూస్తే మనసు చివుక్కుమంటుంది. అయినా స్లైడ్ మీద పెట్టాల్సింది దీన్నే, పై మెట్లన్నిటితో సహా. టామ్, సామ్, సోమ్ అని మూడు వలయాలు గీసే ఆనవాయితీ ఉంది: మొత్తం మార్కెట్, మన సరుకు పనికొచ్చే భాగం, మనం నిజంగా అందుకోగల భాగం. వలయాలు గీయడంలో తప్పు లేదు. ఒక వలయం నుంచి ఇంకోదానికి వచ్చేటప్పుడు ఏం తీసేశారో, ఎందుకు తీసేశారో రాయకపోతే మాత్రం అవి బొమ్మలుగానే మిగులుతాయి.

ప్రతి మెట్టు పక్కనా ఆ సంఖ్య ఎక్కడిదో ఉండాలి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్లు చూడొచ్చు, కానీ అవి తీర ప్రాంతపు సాగుకే వర్తిస్తాయి, లోపలి చెరువులు వాటిలో దొరకవు. రాష్ట్ర ఆక్వాకల్చర్ అథారిటీ ఇచ్చిన లైసెన్సులు చూడొచ్చు, లైసెన్సు లేని చెరువులు మిగిలిపోతాయి. కాబట్టి రెండు మూడు ఊళ్లలో గట్లమీద తిరిగి లెక్కపెట్టి, కాగితం మీది సంఖ్యతో పోల్చి, తేడా ఎంతో రాయాలి. ఆ తేడా రాసినవాళ్లను ఇన్వెస్టర్ మిగతా అంకెల్లోనూ నమ్ముతాడు.

ఇక ఎంత వాటా వస్తుందన్నది శాతంలో చెప్పకుండా మనుషుల్లో చెప్పాలి. పరికరం బిగించడానికి అనువైన సమయం పిల్ల వేసే ముందు. ఆ రోజులు ఏడాదికి 100 దొరికి, రెండు జట్లు రోజుకు ఒక్కో చెరువు పూర్తిచేస్తే మొదటి ఏడాది 200 చెరువులు, అంటే 36 లక్షల ఆదాయం. ఇంకో రెండు జట్లు పెడితే మరుసటి ఏడాది ఎంతో ఎవరైనా లెక్క వేసుకోగలరు. ముందే 40 చెరువుల్లో పెట్టి చూసి, రెండో పంటకు 26 మంది మళ్లీ డబ్బు కట్టారని చూపగలిగితే 18 వేల ధరకూ ఆధారం దొరికినట్టే. మానేసిన 14 మంది ఎందుకు మానేశారో కూడా అక్కడే రాయాలి.

పోటీ స్లైడ్‌లో ఎక్కువమంది చేసే తప్పు 'మాకు పోటీ లేదు' అనడం. విజయవాడలో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ ఎప్పటినుంచో చెరువు పరికరాల మీద పనిచేస్తోంది, తర్వాత నెదర్లాండ్స్‌కు చెందిన న్యూట్రెకో దాన్ని కొనుక్కుంది. ఇది కనుక్కోవడానికి ఇన్వెస్టర్‌కు అయిదు నిమిషాలు చాలు. రెండో తప్పు, తమ వరుసలో అన్నీ టిక్కులు, మిగతా కంపెనీల వరుసల్లో అన్నీ ఇంటూలు పెట్టిన పట్టిక. గడుల పేర్లు ఎంచుకున్నది తామే కాబట్టి ఆ పట్టిక ఏమీ నిరూపించదు.

అసలు ప్రశ్న, ఈ రాత్రి ఆ రైతు ఏం చేస్తున్నాడు? కాపలా మనిషిని పెట్టుకున్నాడు. నెలకు 12 వేల జీతం, నాలుగు చెరువులు చూస్తాడు. చెరువుకు ఏడాదికి 36 వేలు పడుతుంది. 'మా పరికరం అందులో సగానికే' అని రాయబోతారు. కానీ ఆ మనిషి దొంగల్ని కాస్తాడు, మేత వేస్తాడు, కరెంటు పోతే జనరేటర్ ఆన్ చేస్తాడు. అలారం వచ్చినా రైతు అతన్ని మానిపించడు. అంటే 18 వేలు జీతంలోంచి మిగిలే డబ్బు కాదు, పైన పడే ఖర్చు. పంట పోయే ప్రమాదం తగ్గడంలోనో, రాత్రంతా ఏరేటర్లు తిప్పే కరెంటు మిగలడంలోనో ఆ డబ్బు తిరిగి వస్తుందని చూపాలి. పోటీ గురించి ఇంత దగ్గరగా చూసినప్పుడే ముందు స్లైడ్‌లో వేసుకున్న ధర నిలుస్తుందో లేదో తెలుస్తుంది.

ఇవాళ ఖర్చవుతున్న డబ్బే మార్కెట్‌కు హద్దా అంటే, ఎప్పుడూ కాదు. 2014లో న్యూయార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అశ్వత్ దామోదరన్, ప్రపంచ టాక్సీ మార్కెట్ సుమారు 100 బిలియన్ డాలర్లని తీసుకుని ఉబర్ విలువ 5.9 బిలియన్లని లెక్కగట్టారు. ఉబర్‌లో పెట్టుబడి పెట్టిన బెంచ్‌మార్క్ సంస్థకు చెందిన బిల్ గర్లీ దానికి జవాబు రాస్తూ, బండి పిలవడం తేలికైతే టాక్సీ ఎక్కనివాళ్లూ ఎక్కుతారని, కొందరు సొంత కారే మానేస్తారని వాదించారు. ఆయన వాదనకు బలం, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉబర్ వాడకం అప్పటికే పాత టాక్సీల లెక్కను దాటి పెరగడం. మన కుర్రాళ్లూ మార్కెట్ పెరుగుతుందని చెప్పొచ్చు. ఏరేటర్ లేని రైతు అలారంతో పాటు ఏరేటర్ కూడా కొన్నాడని, అలాంటి నలుగురి పేర్లు, ఫోన్ నంబర్లు ముందే వాళ్లనడిగి తెచ్చి చూపగలిగితే.