చివరి రెండు గంటల్లో మాయమైన మూడో లెవెల్

గేమ్ జామ్‌లో పాల్గొనేవాళ్లకు మొదట ఓ అంశం ఇస్తారు. గడువు ముగిసేలోగా దాని మీద సరికొత్త వీడియోగేమ్ తయారుచేసి అప్పగించాలి. 2002లో మొదలైన లూడమ్ డేర్ పోటీలో ఒంటరిగా చేసేవాళ్లకు 48 గంటలు, జట్టుగా చేసేవాళ్లకు 72 గంటలు గడువు. గ్లోబల్ గేమ్ జామ్ 2009లో మొదలైంది. తర్వాత బాగా అమ్ముడుపోయిన ‘సర్జన్ సిమ్యులేటర్’ 2013లో ఆ జామ్‌లోనే, 48 గంటల్లో తొలి రూపం దిద్దుకుంది.

జామ్ అయ్యాక చాలా జట్లు తమ ఆటకు తామే పోస్ట్‌మార్టం చేసుకుని, ఏది కుదిరింది, ఏది చెడింది అని రాస్తాయి. అమెరికాలో వెలువడిన ‘గేమ్ డెవలపర్’ పత్రిక పెద్ద ఆటల విషయంలో ఈ పద్ధతికి ప్రచారం తెచ్చింది. జామ్ జట్లు రాసే వాటిలో ఎక్కువగా కనబడే మాట ‘టైం చాలలేదు’. ఆ మాట వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, గడువు అందరికీ ఒక్కటే కాబట్టి. ఏ ఫైలు దగ్గర ఆగిపోయింది, అది అప్పటిదాకా ఎవరి కంటా ఎందుకు పడలేదు అన్నవి రాస్తేనే ఇంకో జట్టుకు పనికొస్తుంది.

అలాంటి రాతల్లో తరచూ కనిపించే లోపాలనే ఒకచోట చేర్చి, ఓ ముగ్గురి జట్టు చివరి గంటలు ఎలా గడుస్తాయో చూద్దాం. ఒకరు ప్రోగ్రామర్, ఒకరు ఆర్టిస్టు, ఒకరు సంగీతం చూసుకుంటారు. ముగ్గురివీ విండోస్ లాప్‌టాప్‌లే. ఆట తయారీకి వాడుతున్నది గోడో అనే ఉచిత గేమ్ ఇంజిన్. గడువుకు రెండు గంటలుందనగా ఆట పూర్తయింది. బొమ్మ గెంతుతోంది, నాణేలు దొరుకుతున్నాయి, మూడు లెవెళ్లూ వరసగా ఆడుతున్నాయి. ఇక దాన్ని బ్రౌజర్‌లో ఆడేలా మార్చి itch.io లో పెట్టడమే మిగిలింది. జామ్‌లో ఓట్లు వేసేది తోటి పోటీదారులే. వాళ్లు వందల ఆటలు చూడాలి. డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన ఆట కన్నా, క్లిక్ చేయగానే తెరుచుకునే ఆటనే ముందు ఆడతారు. అందుకే జట్లన్నీ వెబ్ రూపం కోసం పాకులాడతాయి.

అప్‌లోడ్ అయింది. పేజీ తెరిస్తే ఆట లేదు, నల్లటి తెర మీద Cross Origin Isolation, SharedArrayBuffer లేవన్న ఇంగ్లీషు సందేశం ఉంది. కోడ్‌లో తప్పు జరిగిందనుకుని ప్రోగ్రామర్ అరగంట వెతికాడు. కోడ్‌లో తప్పే లేదు. వెబ్‌కు ఎగుమతి చేసేటప్పుడు థ్రెడ్లు వాడే ఐచ్ఛికం ఆన్‌లో ఉంది. ఒకే పనిని కొన్ని పాయలుగా విడదీసి ఒకేసారి నడపడానికి ఈ థ్రెడ్లు పనికొస్తాయి. వాటి మధ్య జ్ఞాపకశక్తిని పంచుకోవాలంటే బ్రౌజర్ ఒప్పుకోవాలి. భద్రత దృష్ట్యా, వెబ్‌సైట్ ప్రత్యేకమైన హెడర్లు పంపితేనే బ్రౌజర్ ఒప్పుకుంటుంది. itch.io లో ఆట పేజీని సవరించేచోట ‘SharedArrayBuffer support’ అనే చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టగానే ఆట తెరుచుకుంది. 2024లో వచ్చిన గోడో 4.3 నుంచి థ్రెడ్లు లేకుండానూ వెబ్‌కు పంపవచ్చు కాబట్టి ఈ చిక్కు చాలావరకు తగ్గింది. అంతకు ముందటి 4 శ్రేణి వాడే జట్లకు మాత్రం ఇప్పటికీ తప్పదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. మొదటి లెవెల్ బాగుంది, రెండోదీ బాగుంది. రెండోది దాటగానే ఖాళీ తెర. ‘నా లాప్‌టాప్‌లో బాగానే ఆడుతోంది కదరా’ అన్నాడు ఆర్టిస్టు. అతను చెప్పింది నిజమే. ఆ ముగ్గురి లాప్‌టాప్‌లలోనూ ఆడుతోంది, బ్రౌజర్‌లోనే ఆడట్లేదు. లెవెళ్లను తెరిచే కోడ్ ఇది:

```
var path = "res://levels/level%d.tscn" % n
var level = load(path).instantiate()
```

ప్రోగ్రామర్ చేసిన మొదటి రెండు ఫైళ్ల పేర్లు `level1.tscn`, `level2.tscn`. మూడోది ఆర్టిస్టు చేశాడు. దానికి అతను పెట్టిన పేరు `Level3.tscn`. విండోస్ మామూలుగా పెద్ద L కూ చిన్న l కూ తేడా చూడదు, రెండింటినీ ఒకే ఫైలుగా తీసుకుంటుంది. ఎగుమతి చేసినప్పుడు ఆటలోని ఫైళ్లన్నీ ఒకే మూటగా తయారవుతాయి. ఆ మూటలో మాత్రం ప్రతి అక్షరమూ అచ్చం అలాగే ఉండాలి. `level3` అనే పేరుతో అక్కడ ఏమీ లేదు. `load` ఖాళీ చేతులతో తిరిగొచ్చింది, తర్వాతి అడుగు దగ్గర కోడ్ ఆగిపోయింది. బ్రౌజర్‌లో F12 నొక్కి కన్సోల్ చూస్తే, దొరకని ఫైలు పేరు ఎర్ర అక్షరాల్లో కనబడుతుంది.

చెప్పుకోవాల్సిన ముఖ్య విషయం ఇంకొకటుంది. గోడో దీని గురించి ముందే హెచ్చరించింది. ఎడిటర్‌లో మూడో లెవెల్ తెరిచిన ప్రతిసారీ Case mismatch అంటూ పసుపుపచ్చ సందేశం వస్తూనే ఉంది. ఎగుమతి చేశాక ఈ ఫైలు తెరుచుకోదని కూడా అందులో స్పష్టంగా ఉంది. అయితే దాని పక్కన వాడని వేరియబుళ్ల గురించీ అలాంటివాటి గురించీ ఇంకా ఎన్నో పసుపు వరసలున్నాయి. ఆ గుంపులో ఇది కలిసిపోయింది. పసుపు సందేశాలు ఆటను ఆపవు కాబట్టి వాటిని ఎవరూ చదవలేదు.

కారణం తెలిశాక మరమ్మతు ఒక్క నిమిషం పని అనిపిస్తుంది. ఆర్టిస్టు తన లాప్‌టాప్‌లో ఫైలు పేరు చిన్నక్షరాల్లోకి మార్చి, గిట్ ద్వారా పంపాననుకున్నాడు. ప్రోగ్రామర్ దాన్ని దించుకుని మళ్లీ ఎగుమతి చేసి అప్‌లోడ్ చేశాడు. మళ్లీ ఖాళీ తెర! విండోస్‌లో గిట్ కూడా సాధారణంగా అక్షరం సైజు మారడాన్ని మార్పుగా లెక్కించదు. ఆర్టిస్టు చేసిన మార్పు అతని లాప్‌టాప్ దాటనే లేదు. ఇలాంటప్పుడు పేరు మార్చమని గిట్‌కే చెప్పాలి:

```
git mv levels/Level3.tscn levels/level3.tscn
```

ఇదంతా తెలిసేసరికి గడువు పది నిమిషాల్లోకి వచ్చింది. అప్పుడు ముగ్గురిలో ఒకరు, బొమ్మ గెంతే ఎత్తు కాస్త పెంచితే ఆట ఇంకా బాగుంటుందన్నారు. పెంచారు. ఎత్తు పెరగడంతో మొదటి లెవెల్‌లో బొమ్మ గోడ పైనుంచి దూకి బయటికి పోతోంది. దాన్ని పరీక్షించే వ్యవధి లేదు. పోస్ట్‌మార్టంలో అన్నిటికన్నా గట్టిగా విమర్శించాల్సింది ఈ మార్పునే. థ్రెడ్ల గడి, ఫైలు పేరు రెండూ తెలియక జరిగినవి. ఇది మాత్రం పనిచేస్తున్నదాన్ని కోరి కదిలించడం.

ఈ వరసలో ఆట ఆలోచన వల్ల గానీ, బొమ్మల వల్ల గానీ చెడింది ఏదీ లేదు. మొదటి రెండూ ఎడిటర్ నుంచి బ్రౌజర్‌కు మారే ఆ ఒక్క మెట్టు దగ్గరే ఉన్నాయి. జట్టు ఆ మెట్టు మీద మొదటిసారి కాలు పెట్టిందే 70వ గంటలో. అనుభవమున్న జట్లు మొదటి రాత్రే ఈ పని ముగించుకుంటాయి. తెర మీద ఓ చతురస్రం కదిలితే చాలు, దాన్ని ఎగుమతి చేసి పేజీలో పెట్టేస్తాయి. థ్రెడ్ల గడి సంగతి అప్పుడే తేలిపోతుంది. తర్వాత లెవెల్ చేర్చిన ప్రతిసారీ బ్రౌజర్ రూపాన్నే చివరిదాకా ఆడి చూస్తే, పెద్ద L కూడా చేర్చిన గంటలోనే పట్టుబడుతుంది. ఫైళ్ల పేర్లన్నీ చిన్నక్షరాల్లోనే ఉండాలని మొదట్లోనే ఒప్పందం చేసుకుంటే ఆ అవస్థే ఉండదు. చివరి మూడు గంటల్లో కొత్తగా ఏదీ చేర్చకూడదని, సరిదిద్దడమే చేయాలని కొన్ని జట్లు నియమం పెట్టుకుంటాయి.

గడువు దాటితే అన్నీ పోయినట్టు కాదు. లూడమ్ డేర్‌లో 72 గంటల తర్వాత అప్పగించడానికని ఓ గంట అదనంగా ఇస్తారు. ఆటను ఆడనివ్వని లోపాలను ఆ తర్వాత కూడా సరిచేసుకోనిస్తారు, కొత్త హంగులు మాత్రం చేర్చకూడదు. మూడో లెవెల్ తెరుచుకోకపోవడం ఆ కోవలోకే వస్తుంది. ఫైళ్లు మార్చకుండా పేజీకి తాళం వేసే జామ్‌లూ ఉన్నాయి. కనుక ఏ జామ్‌లోనైనా మొదటి రోజునే చదవాల్సిన నియమం ఇది. తాళం పడే చోట, గడువు వేళకు పేజీలో ఉన్నది రెండు లెవెళ్ల ఆటే అయితే, ఓటు వేసేవాళ్లు చూసేదీ ఆ రెండింటినే.